మేకను బతికుండగా తూకానికి కొని, మాంసం తూకానికి అమ్మితే లాభం ఎక్కడ పోతోంది?

సందేహం: మేకల్ని బతికుండగానే కాటా వేసి కొంటున్నాను. మాంసం కిలో, కొన్న ధరకు రెట్టింపుకే అమ్ముతున్నాను. అయినా చేతికి ఏమీ మిగలడం లేదు. ఎందుకంటారు?

సలహా: మేక బరువులో సగం మాంసంగా దిగితేనే రెట్టింపు ధర అసలుకు సరిపోతుంది. సాధారణంగా అంత దిగదు. రక్తం, తోలు, తల, కాళ్లు, పేగులు పోగా ఎముకతో కలిపి 40 నుంచి 50 శాతం మిగులుతుంది.

బతికున్న మేక కిలో 100, మాంసం కిలో 200 అనుకుందాం. 30 కిలోల మేకకు మీరు ఇచ్చింది 3,000. అందులో 45 శాతం, అంటే 13.5 కిలోల మాంసం దిగింది. దాని మీద వచ్చింది 2,700. అంటే 300 తక్కువ. తలకాయ, కాళ్లు, కార్జం, బోటీ, తోలు అమ్మిన డబ్బుతో ఆ లోటు పూడి, కోత కూలి, రవాణా ఖర్చులు కూడా పోగా ఏమైనా మిగిలితేనే మీకు లాభం.

ఇక బరువులో పెద్ద మోసం పొట్టది. మేసి, నీళ్లు తాగి వచ్చిన మేక పొట్టలో, పేగుల్లో ఉన్న మేతకు కూడా మీరు మాంసం ఇచ్చే జీవి ధరే కడుతున్నారు. ఇదే మేకను రాత్రంతా మేత లేకుండా, నీళ్లు మాత్రం పెట్టి ఉంచితే పొద్దున 28 కిలోలు తూగిందనుకోండి. దిగే మాంసం మాత్రం అదే 13.5 కిలోలు. శాతం 48కి పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, కొన్నాక పస్తు పెడితే మీకు ఒరిగేది లేదు. కాటాకు ముందే పస్తు ఉండాలి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ధరలో తగ్గించుకోండి. ఎడమ డొక్క గుంటపడకుండా ఉబ్బి ఉంటే కడుపు నిండుగా ఉన్నట్టే.

అందుకే బేరాన్ని మాంసం వైపు నుంచి మొదలుపెట్టండి. పై మేకలో మాంసం మీద 2,700, తలకాయ వగైరా మీద 350 వస్తాయనుకుంటే మొత్తం 3,050. ఖర్చులు 150, మీకు కావలసిన లాభం 200 తీసేస్తే 2,700. నిండు కడుపుతో 30 కిలోలు తూగితే కిలోకు 90 మించి ఇవ్వకూడదు. ఖాళీ కడుపుతో 28 తూగితే 96 దాకా ఇవ్వొచ్చు.

చూడి మేకల్లో పిండం, ఉమ్మనీరు కూడా తూకంలో పడతాయి. వాటిని కోతకు కొనకపోవడమే మేలు. బక్కచిక్కిన ముసలి మేకలో శాతం బాగా తగ్గుతుంది. నడుము మీద చేయి వేసి చూడండి: వెన్నెముక ముళ్లు పదునుగా తగిలితే కండ లేదని అర్థం. కోసిన మాంసాన్ని మర్నాటికి ఉంచితే తేమ ఆరి 2, 3 శాతం తరుగుతుంది, 13.5 కిలోల్లో అది సుమారు 300 నుంచి 400 గ్రాములు.

ప్రతి మేకకూ కొన్నప్పటి బరువు, దిగిన మాంసం పక్కపక్కనే రాసుకోండి. కడుపు నిండుగా ఉందో ఖాళీగా ఉందో కూడా రాయాలి, లేకపోతే రెండు మేకల శాతాలను పోల్చలేం.