అట్టపెట్టెల కొటేషన్ తగ్గించమని ఎలా అడగాలి?

ప్రశ్న: బీకాం అయ్యాక విజయవాడలో మసాలా పొడుల కంపెనీలో పర్చేజ్ అసిస్టెంట్‌గా చేరాను. మాకు అట్టపెట్టెలు ఇచ్చే ఆయన కిందటిసారి పెట్టె 36 రూపాయలకు ఇచ్చారు. ఈసారి 40.50 కోట్ చేశారు. మేము 2000 పెట్టెల చొప్పున ఆర్డర్ ఇస్తాం, 45 రోజులకు డబ్బు కడతాం. మేనేజర్ గారు 37కి తెమ్మంటున్నారు. ఆయన ఏళ్లుగా సరుకు ఇస్తున్న మనిషి. గట్టిగా అడిగితే నొచ్చుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పి అడగాలి?

జవాబు: ఫోన్ చేసే ముందు ఒక పెట్టెను తూకం వేయండి. అట్టపెట్టె ధరలో పెద్ద వాటా క్రాఫ్ట్ పేపర్‌దే కాబట్టి బరువు తెలిస్తే సగం లెక్క తెలిసినట్టే. మీ పెట్టె 600 గ్రాములు ఉందనుకుందాం. పేపర్ కిలోకు 3 రూపాయలు పెరిగిందని ఆయన చెబితే, పెట్టెకు 1.80 అవుతుంది. కటింగ్‌లో పోయే వేస్టేజీ కలిపితే దాదాపు 2 రూపాయలు. ఆ రెండు రూపాయల మీద బేరం ఆడకండి, అది ఆయన చేతిలో లేదు. మీరు మాట్లాడాల్సింది మిగిలిన రెండున్నర గురించి.

‘రేటు ఎక్కువైంది, తగ్గించండి’ అంటే ఆయనకు కుదరదనడం తప్ప వేరే దారి ఉండదు. ఇలా అడిగి చూడండి: ‘పేపర్ పెరిగిన సంగతి తెలుసండీ, దానివల్ల రెండు రూపాయల దాకా పెరగడం న్యాయమే. మిగతా రెండున్నర దేనివల్ల వచ్చిందో చెబితే, మా వైపు నుంచి ఏం మార్చుకోగలమో చూస్తాం.’ ఇలా అడిగితే ఆయన నిజాయతీని శంకించినట్టు ఉండదు. ప్రింటింగ్ అనో, కిరాయి అనో, చిన్న ఆర్డర్ అనో ఆయనే అసలు కారణం చెబుతారు.

ఆ కారణాన్ని బట్టి మీరు ప్రత్యామ్నాయం ఇవ్వాలి. చిన్న ఆర్డర్ ఇబ్బంది అయితే, 6000 పెట్టెలకు ఒకే పర్చేజ్ ఆర్డర్ ఇచ్చి నెలకు 2000 చొప్పున మూడు నెలలు తీసుకుంటామనండి. మూడుసార్లు మెషిన్ సెట్ చేసే పని ఆయనకు ఒక్కసారితో తీరుతుంది. మీ గోడౌన్‌లో చోటు సమస్య కూడా రాదు. ప్రింటింగ్ ఖర్చయితే, రెండు రంగుల బదులు ఒక రంగు చాలేమో మీ మార్కెటింగ్ వాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. డబ్బు ఆలస్యం కారణమైతే, 45 రోజుల బదులు 10 రోజుల్లో కడతామనవచ్చు. ఏడాదికి 12 శాతం వడ్డీ చొప్పున ఆ 35 రోజులకు పెట్టెకు 45 పైసలకు పైనే ఆయనకు మిగులుతుంది. కానీ ‘45 రోజుల్లో తప్పకుండా కట్టేస్తాం’ అనడాన్ని మాత్రం రాయితీగా చూపకండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకు ఆ గడువు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టమే చెబుతోంది.

ప్రతి ప్రత్యామ్నాయం దగ్గరా ‘ఇలా చేస్తే ఎంత తగ్గుతుందండీ?’ అని అడిగి ఊరుకోండి. అంకె ఆయన నోటి నుంచే రానివ్వండి. తనే చెప్పిన రేటు మీద మనిషికి కష్టం ఉండదు. అక్కడికక్కడే తేల్చమనకండి, రెండు రోజులు టైమ్ ఇవ్వండి. తర్వాత అనుకున్నవన్నీ మెయిల్‌లో రాయండి. ఆ మెయిల్‌లో ఆయన పైవాళ్లనూ మీ మేనేజర్ గారినీ కాపీలో పెట్టి ఒత్తిడి తేవద్దు.

లేని కొటేషన్ ఉందని మాత్రం చెప్పకండి. ఈ వ్యాపారంలో పేపర్ రేటు అందరికీ తెలుసు. ‘ఫలానా చోట 34కే ఇస్తామన్నారు’ అంటే ఆయన క్షణంలో పసిగడతారు. నిజంగానే తక్కువ కొటేషన్ వస్తే ఆ శాంపిల్ తూచి చూడండి, ప్లై ఎంతో అంటే ఎన్ని పొరలో, పేపర్ జీఎస్ఎం ఎంతో అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో అడగండి. చాలాసార్లు పెట్టె బరువు తక్కువ కావడం వల్లే రేటు తక్కువ ఉంటుంది.

ఇదే జాగ్రత్త మీ పాత సప్లయర్ దగ్గరా అవసరం. ఎక్కువ పిండితే ఆయన మాట్లాడకుండా ఒప్పుకుని లోపలి పొరల్లో పల్చటి పేపర్ వాడే ప్రమాదం ఉంది. వానాకాలంలో గోడౌన్‌లో అడుగు వరసలోని పెట్టెలు నలిగిపోయినప్పుడు గానీ అది బయటపడదు. అందుకే పర్చేజ్ ఆర్డర్‌లో ప్లై, జీఎస్ఎం, పెట్టె బరువు రాయించండి. సరుకు దిగినప్పుడల్లా అయిదారు పెట్టెలు తూచి రిజిస్టర్‌లో నమోదు చేయండి.

పై లెక్కన 38, 38.50 దగ్గర తెగితే మంచి బేరమే. 37 రాలేదని భయపడకుండా, పేపర్‌కు ఎంత పోయింది, దేనివల్ల ఎంత తగ్గింది అన్న లెక్కను ఒక కాగితం మీద మేనేజర్ గారికి చూపించండి. అంతకంటే తగ్గించలేనని సప్లయర్ అంటే, మూడు నెలల దాకా రేటు మార్చకుండా ఉండమని, పేపర్ తగ్గితే ఆ మేరకు తగ్గించమని అడగండి. దీనికి చాలామంది ఒప్పుకుంటారు.

ఒక్క సంగతి. 10 రోజుల్లో కడతామని అనే ముందు అకౌంట్స్ వాళ్లను ఒప్పించుకోండి. ఎప్పుడైనా ఆలస్యమయ్యేలా ఉంటే, ఆయన ఫోన్ చేసేదాకా ఆగకుండా మీరే ముందు రోజు ఫోన్ చేసి ఏ తేదీకి వస్తుందో చెప్పండి.