కమీషన్ లెక్క తప్పితే అప్పు తప్పదు

ప్రశ్న: మాది ఆత్రేయపురం. ఒక ఆన్‌లైన్ వేదిక ద్వారా నెలకు 200 పెట్టెల పూతరేకులు విజయవాడ, విశాఖపట్నం వైపు అమ్ముతున్నాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. పెట్టెకు నా ఖర్చు రూ.200. నాకు రూ.60 మిగలాలి. కమీషన్ 20 శాతం అన్నారు కాబట్టి మరో రూ.40 కలిపి రూ.300 ధర పెట్టాను. ఐదు నెలలుగా అమ్మకాలు బాగున్నా చేతిలో డబ్బు నిలవడం లేదు. దసరా సరుకు కోసం లోన్ యాప్‌లో రూ.30,000 తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. ఇంట్లో చేసిన సరుకును ఆన్‌లైన్‌లో అమ్మే చాలామంది ఇదే పొరపాటు చేసి, ఆ లోటును అప్పుతో పూడుస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు 20 శాతాన్ని మీ ఖర్చు మీద లెక్కించారు. వేదికకు మీ నెయ్యి, బెల్లం, రేకుల ఖర్చుతో పని లేదు. కొనుగోలుదారు చెల్లించిన రూ.300 మీద అది 20 శాతం, అంటే రూ.60 తీసుకుంటుంది. దానికి తోడు, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. రిజిస్ట్రేషన్ ఉన్నవారు సాధారణంగా ఈ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి పొందగలరు, మీకు ఆ వీలు లేదు కనుక అది పూర్తిగా మీ మీదే పడుతుంది. రెండూ కలిపి అమ్మకపు ధరలో 23.6 శాతం, అంటే రూ.70.80 పోయి మీకు రూ.229.20 వస్తుంది. ఖర్చు తీసేస్తే పెట్టెకు మిగిలేది రూ.29.20, మీరు అనుకున్న దానిలో సగం కూడా కాదు.

ఖర్చూ లాభమూ కలిపిన రూ.260 మీద 23.6 శాతం కలిపితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అలా రూ.321 పెట్టినా చాలదు, ఎందుకంటే ధర పెంచిన కొద్దీ కమీషనూ పెరుగుతుంది. అందువల్ల కలపడం మానేసి భాగించాలి. ధరలో ప్రతి రూపాయికీ మీకు దక్కేది 76.4 పైసలు కాబట్టి, రూ.260ను 0.764తో భాగిస్తే రూ.340.31 వస్తుంది. రూ.341 ధర పెడితే కోతలు పోను మీ చేతికి రూ.260.52 అందుతుంది. ఆర్డరుకు ఇంత అని రూపాయల్లో తీసుకునే రుసుము ఏదైనా ఉంటే దాన్ని, దాని మీది జీఎస్టీతో సహా, ముందే రూ.260కి కలిపి ఆ తర్వాత భాగించాలి. రేపు నెయ్యి ధర పెరిగి పెట్టె ఖర్చు రూ.10 ఎక్కువైతే, మీ మిగులు తగ్గకుండా ఉండాలంటే ధరను రూ.13కు పైగా పెంచవలసి ఉంటుంది.

ఈ లెక్క మీ విషయంలో నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. ఒక ఆర్డరుకు బ్యాంకులో పడిన మొత్తాన్ని కొనుగోలుదారు చెల్లించిన ధరతో భాగించండి. 0.764 కంటే తక్కువ వస్తే మీరు గమనించని కోత ఇంకేదో ఉన్నట్టే; పండుగ డిస్కౌంటులో మీ వాటానో, దారిలో రేకులు విరిగి తిరిగివచ్చిన పెట్టెల ఖర్చో అయి ఉండవచ్చు. రూ.341కి కొనేవారు తగ్గిపోతే, రేకుల సంఖ్య తగ్గించి చిన్న పెట్టె పెట్టండి లేదా ఫోన్‌లో నేరుగా ఆర్డర్లు తీసుకోండి.

ఇక అప్పు సంగతి. నెలకు రూ.12,000 రావలసిన చోట రూ.5,840 మాత్రమే వస్తోంది. ఆ తేడా ఐదు నెలలకు రూ.30,800. మీరు అడుగుతున్న అప్పు దాదాపు అంతే! ధర సరిచేయకుండా యాప్‌లో అప్పు తెచ్చి అదే రూ.300కి మరిన్ని పెట్టెలు అమ్మితే, ఆ రూ.29లోంచే ప్రాసెసింగ్ రుసుమూ వడ్డీ కట్టాలి. ఒక్క వాయిదా తప్పితే జరిమానా తోడవుతుంది. ఇంత సన్నని మిగులు మీద అలాంటి అప్పు తలకెత్తుకోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. పెట్టుబడి నిజంగా కావాలంటే బ్యాంకులో ముద్ర శిశు రుణం అడగండి, అదీ ధర మార్చి ఒక నెల ఫలితం చూశాకే.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది, మీ ఉత్తరంలో అత్యవసర నిధి ప్రస్తావనే లేకపోవడం. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరద వచ్చినా, అక్టోబరు, నవంబరుల్లో తుపాను పట్టినా కొరియర్ బండ్లు ఆగిపోతాయి. కట్టిన పెట్టెలు ఇంట్లోనే మెత్తబడిపోతాయి. ఆ వారాల్లో వేదిక నుంచి డబ్బు రాదు, ఇంటి ఖర్చు మాత్రం ఆగదు. కాబట్టి కొత్త ధర పెట్టిన రోజు నుంచే పెట్టెకు మిగిలే రూ.60లో రూ.25 చొప్పున, నెలకు రూ.5,000, వ్యాపారంతో సంబంధం లేని వేరే పొదుపు ఖాతాలో వేయండి. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా అయ్యేవరకు ఆ డబ్బును సరుకు కోసం ముట్టుకోవద్దు. దసరాకు మాత్రం చేతిలో ఉన్న డబ్బుకు ఎన్ని పెట్టెలు వస్తే అన్నే చేయండి.