చీటీలో ఓడీ, బీడీ, హెచ్ఎస్ అని రాస్తే ఏమని అర్థం?

ప్రశ్న: మా నాన్నగారి మందుల చీటీలో ఒక్కో మందు పక్కన ఓడీ, బీడీ, హెచ్ఎస్, ఎస్ఓఎస్ అని ఉన్నాయి. వీటిని ఎలా చదవాలి? వీటిలో కొన్ని ప్రమాదమని ఎవరో అన్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. నేను కోనసీమలో చాలా ఏళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ముందుగా అర్థాలు చెబుతాను. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, క్యూఐడీ అంటే నాలుగుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకునే ముందు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. ఏసీ అంటే భోజనానికి ముందు, పీసీ అంటే తర్వాత. ఇవన్నీ లాటిన్ మాటలకు పొట్టి రూపాలు.

వీటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఓడీ. చూడటానికి అన్నిటికంటే తేలికైనది అదే. మా మేనత్తకు జరిగింది చెబితే ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆమెది గోదావరి పాయల మధ్య ఒక లంక గ్రామం. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోతే పట్నంలో డాక్టరుకు చూపించారు. ఆయన మెథోట్రెక్సేట్ 2.5 మిల్లీగ్రాముల మాత్రలు రాశారు. వారానికి ఒక్క రోజు, ఆ రోజు మూడు మాత్రలు కలిపి వేసుకోవాలి. చీటీలో దాన్ని 'ఓడబ్ల్యూ' అని రాశారు. అంటే వారానికి ఒకసారి అని. తొందరలో గీసిన డబ్ల్యూ చివర ముడుచుకుపోయి డీలాగా కనిపించింది. కింది వరుసలో ఫోలిక్ యాసిడ్ పక్కన నిజంగానే ఓడీ ఉంది. రెండూ ఒకటే అనుకుని దుకాణంలో కవరు మీద 'రోజూ 3' అని రాసిచ్చారు.

ఏడు రోజుల్లో ఆమె 21 మాత్రలు వేసుకుంది. అది ఏడు వారాల మందు. ఎనిమిదో రోజు ఫోను చేసి, నోరంతా పుండ్లు, మజ్జిగన్నం కూడా దిగడం లేదని ఏడ్చింది. మాత్రల పేరు చదవమన్నాను. పేరు వినగానే ఇంకేమీ వేసుకోవద్దని చెప్పి, ఆ పూటే కాకినాడలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయి. ల్యూకోవోరిన్ అనే విరుగుడు మందు ఇచ్చి, కొన్ని రోజులు అక్కడే ఉంచారు. బతికి బయటపడింది.

మెథోట్రెక్సేట్ విషయంలో మోతాదు కంటే వ్యవధి ముఖ్యం. అది కణాలు విభజన చెందడానికి కావలసిన ఫోలేటు అనే విటమిన్‌ను వాడుకోనివ్వదు. నోటి లోపలి పొర, ఎముకల మజ్జ ఎప్పుడూ కొత్త కణాలను పుట్టిస్తూనే ఉంటాయి కాబట్టి దెబ్బ ముందు వాటికే తగులుతుంది. వారానికి ఒకసారైతే మిగతా ఆరు రోజుల్లో అవి తేరుకుంటాయి. రోజూ వేస్తే ఆ గడువు ఉండదు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లలో మందు శరీరం నుంచి త్వరగా బయటకు పోదు, ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నోటిలో పుండ్లు, జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద నల్లటి కమిలిన మచ్చలు కనిపిస్తే మర్నాటి వరకు ఆగకూడదు.

ఓడీకి ఇంకో చిక్కు కూడా ఉంది. కంటి వైద్యంలో ఓడీ అంటే కుడి కన్ను. చుక్కల మందు పక్కన అదే రాస్తే, రోజుకు ఒకసారి అనా, కుడి కంట్లో అనా? డాక్టరును అడగకుండా వేయకండి. రోజుకు ఒకసారికి అమెరికాలో క్యూడీ అని రాసేవారు. దాన్ని క్యూఐడీగా చదివితే ఒక మాత్ర నాలుగవుతుంది. అందుకే అక్కడ ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో దాన్ని రాయకూడని వాటిలో చేర్చింది. హెచ్ఎస్‌ను సగం బలం అని చదివిన సందర్భాలూ ఉన్నాయి.

ఎస్ఓఎస్‌లో తికమక వేరు. అవసరమైతే అని ఉంటుంది గానీ, ఎంత వ్యవధి ఉండాలో, రోజుకు ఎన్ని దాటకూడదో ఉండదు. నొప్పి మాత్రలకు ఆ రెండూ అడిగి రాయించుకోండి.

మన దగ్గర 1-0-1 అని రాసే పద్ధతి మేలు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని చదువు రానివారికి కూడా చెప్పగలం. అయితే వారానికొకసారి వేసుకునే మందును అందులో చెప్పడం కుదరదు. అలాంటి మందుకు 'ఆదివారం మాత్రమే, 3 మాత్రలు' అని రోజు పేరుతో, వీలైతే తెలుగులో, డాక్టరు చేతనే రాయించుకోవాలి. నాన్నగారి చీటీలో వారానికొకసారి మందు ఏదైనా ఉందేమో ముందు అది చూడండి. ఏ అక్షరమైనా అనుమానంగా ఉంటే మందు కొనే ముందే డాక్టరుకు ఫోను చేయండి.

మా మేనత్త ఇప్పుడు ఆ మాత్రలు మళ్లీ వాడుతోంది. గోడ క్యాలెండరులో ఆదివారాల చుట్టూ నేనే ఎర్ర సున్నాలు చుట్టాను, మాత్రలు వేసుకోగానే ఆమె వాటిని కొట్టేస్తుంది.