ఎత్తులు–దూరాల లెక్కలో బొమ్మ ఎక్కడ తప్పుతుంది

ప్రశ్న: పదో తరగతి చదువుతున్నా. tan 30°, tan 60° విలువలన్నీ నోటికొచ్చు. కానీ లెక్క చదివి బొమ్మ గీయమంటే ప్రతిసారీ ఏదో ఒకటి తప్పు పోతోంది. ఎలా సరిచేసుకోవాలి?

జవాబు: హన్మకొండలో పదో తరగతి చదివేటప్పుడు ప్రీ-ఫైనల్లో ఇలాంటి లెక్కే నాకూ పోయింది. సూత్రం తప్పలేదు, గుణకారం తప్పలేదు, బొమ్మలో ఒక్క సంఖ్యను వేరే చోట రాశాను, అంతే. ఇప్పుడు సాయంత్రాలు ట్యూషన్ చెప్తుంటే పిల్లలు కూడా అదే చోట తప్పుతున్నారు, అందుకే ఆ లెక్కనే తీసుకుంటా.

1.5 మీటర్ల ఎత్తున్న మనిషి తాటిచెట్టు కొనను 30° ఊర్ధ్వకోణంలో చూశాడు. చెట్టు వైపు 20 మీటర్లు నడిచాక ఆ కోణం 60° అయింది. చెట్టు ఎత్తెంత?

నేను చెట్టు మొదలు నుంచి మనిషి దాకా 20 అని రాసేశాను. ప్రశ్నలో కనిపించే దూరం అదొక్కటే కదా, అది చెట్టుకూ మనిషికీ మధ్యదే అనుకున్నా. కానీ 20 అంటే నడిచిన దూరం, అంటే మొదట నిలబడ్డ చోటుకూ తర్వాత నిలబడ్డ చోటుకూ మధ్య ఉన్నది. చెట్టు ఎంత దూరంలో ఉందో ప్రశ్న ఎక్కడా చెప్పలేదు. నాకు 20/√3, అంటే 11.55 వచ్చింది, 60° ని ముట్టుకోకుండానే! ఇచ్చిన సంఖ్యల్లో ఒకటి వాడకుండా జవాబు వచ్చేసిందంటే ముందు బొమ్మనే అనుమానించు.

ఇప్పుడు నేను గీయించే పద్ధతి చెప్తా. ప్రశ్న మొత్తం చదివాక త్రిభుజం వెంటనే గీయొద్దు. మళ్లీ మొదటి నుంచి చదువుతూ, ఒక వాక్యం అయిపోగానే ఆగి ఆ వాక్యం చెప్పినంత వరకే గియ్యి. ముందు నేల గీత, దాని మీద నిలువుగా చెట్టు. మనిషి ఎత్తు 1.5 అన్నారు కాబట్టి నేలకు 1.5 పైన, నేలకు సమాంతరంగా, చెట్టును తాకేదాకా ఇంకో గీత. దీన్ని మా పిల్లలు కంటి గీత అంటారు. కోణం కూర్చునేది ఈ గీత మీదే, నేల మీద కాదు. ఈ గీతపై దూరంగా A పెట్టి 30°, చెట్టుకు దగ్గరగా B పెట్టి 60° రాయి, మధ్యలో 20 రాయి. తెలియనివాటికి అక్షరాలు: B నుంచి చెట్టుకు x, కంటి గీత నుంచి చెట్టు కొనకు h.

దగ్గరికి పోయిన కొద్దీ తల ఎక్కువ ఎత్తి చూడాలి కాబట్టి పెద్ద కోణం దగ్గరి బిందువు దగ్గరే ఉండాలి. బొమ్మలో అలా లేదంటే A, B తారుమారైనట్టే.

ఇక మిగిలింది చిన్న పనే:

tan 60° = h/x, కాబట్టి h = √3·x
tan 30° = h/(x + 20), కాబట్టి x + 20 = √3·h = 3x

x = 10, h = 10√3 = 17.32. దీనికి 1.5 కలిపితే చెట్టు 18.82 మీటర్లు. కంటి గీత గీయనివాళ్లు 17.32 దగ్గరే ఆగిపోతారు.

నమ్మకం కలగకపోతే కోణమానినితో స్కేలుకు గీసి చూడు, నాకైతే అలా గీశాకే భయం పోయింది. 4 మీటర్లకు 1 సెంటీమీటరు అనుకుంటే A, B మధ్య 5 సెంటీమీటర్లు. A దగ్గర 30°, B దగ్గర 60° పెట్టి గీతలు పొడిగిస్తే ఒక చోట కలుస్తాయి. అక్కడి నుంచి కిందికి లంబం దించి కొలిస్తే దాదాపు 4.3 సెంటీమీటర్లు వస్తుంది, అంటే 17.2 మీటర్లు. పెన్సిల్ మందానికి ఆ కాస్త తేడా మామూలే. ఇంకోటి కూడా కనిపిస్తుంది చూడు: B నుంచి చెట్టు కొనకు గీసిన గీత కూడా సరిగ్గా 5 సెంటీమీటర్లే, ఎందుకంటే A, B, చెట్టు కొన కలిసిన త్రిభుజంలో కోణాలు 30°, 120°, 30°.

నిమ్నకోణం వచ్చినా ఇదే కంటి గీత. చెట్టెక్కిన గౌడన్న కిందికి చూస్తే ఆ కోణాన్ని ఆయన కంటి దగ్గర అడ్డంగా గీసిన గీత నుంచి కిందికి కొలవాలి. చాలామంది చెట్టు నిలువు గీత నుంచి కొలిచి 30° ఉండాల్సిన చోట 60° రాస్తారు.

ఒకటి మాత్రం గుర్తుంచుకో. మనిషి నిలబడ్డ చోటు, చెట్టు మొదలు ఒకే మట్టంలో ఉంటేనే 1.5 కలపాలి. అదే మనిషి చెట్టు మొదలుకన్నా 3 మీటర్ల ఎత్తున్న చెరువు కట్ట మీద నిలబడి చూశాడని ప్రశ్నలో ఉంటే, కంటి గీత చెట్టును మొదలు నుంచి 4.5 మీటర్ల దగ్గర తాకుతుంది, చివర్లో కలపాల్సింది ఆ 4.5.