పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా తప్పంటోంది. లాక్ కాకుండా ఎలా?

ప్రశ్న: కొత్త లాప్‌టాప్‌లో క్యాప్స్ లాక్ లైటు లేదు. ఆఫీసు పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పని వచ్చింది. ఇంకోసారి కొడితే అకౌంట్ లాక్ అవుతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఎంటర్ నొక్కడం ఆపండి. ఎంటర్ కొట్టనంతవరకు ఎన్నిసార్లు టైప్ చేసి చెరిపినా లెక్కలోకి రాదు. నేను హెల్ప్‌డెస్క్‌లో పనిచేస్తాను. లాక్ అయిందని వచ్చేవాళ్లలో చాలామందికి పాస్‌వర్డ్ గుర్తే ఉంటుంది; కీబోర్డు మారిన సంగతే తెలియదు.

వెనక ఎవరూ లేరని, స్క్రీన్ షేర్ కావడం లేదని చూసుకుని పాస్‌వర్డ్ పెట్టెలోని కన్ను గుర్తు నొక్కండి. ఏ అక్షరాలు మారాయో చూస్తే కారణం దొరుకుతుంది. ఉదాహరణకు పాస్‌వర్డ్ `Nadi@47#gali` అనుకుందాం. విండోస్‌లో క్యాప్స్ లాక్ పడి ఉంటే `nADI@47#GALI` అని వస్తుంది: పెద్దవి చిన్నవై, చిన్నవి పెద్దవై, అంకెలూ గుర్తులూ మాత్రం అలాగే ఉంటాయి. అక్షరాలు బాగానే ఉండి `Nadi"47£gali` అని పడితే కీబోర్డు అమెరికా లేఅవుట్ నుంచి బ్రిటన్ లేఅవుట్‌కి మారిందన్నమాట. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే లేఅవుట్ మార్చుకోవచ్చు. కొన్ని చిన్న లాప్‌టాప్‌లలో నమ్ లాక్ పడితే `i`, `l` స్థానంలో 5, 3 వస్తాయి. అప్పుడు `gali` కాస్తా `ga35` అవుతుంది.

ఎడ్జ్ బ్రౌజర్‌లో కన్ను గుర్తు మాయమైతే, పెట్టెలో ఉన్నదంతా చెరిపి మళ్లీ టైప్ చేయండి, తిరిగి వస్తుంది. అసలే లేని సైటయితే యూజర్‌నేమ్ పెట్టెలో `a@#il` లాంటి నాలుగైదు కీలు కొట్టి చూసి చెరిపేయండి. మొత్తం పాస్‌వర్డ్ మాత్రం అక్కడ కొట్టొద్దు. పొరపాటున ఎంటర్ పడితే అది యూజర్‌నేమ్‌గా వెళ్లి, సర్వర్ లాగ్‌లో చదవగలిగే మామూలు అక్షరాలతో మిగిలిపోవచ్చు.

లైటు లేని లోటుకి విండోస్ 11లో `Settings > Accessibility > Keyboard`కి వెళ్లి `Toggle keys` ఆన్ చేసుకోండి. క్యాప్స్ లాక్ వేసినప్పుడు ఒక శబ్దం, తీసినప్పుడు ఇంకో శబ్దం వస్తుంది. మా దగ్గర కొత్త లాప్‌టాప్ ఎవరికిచ్చినా నేను ముందు ఇదే పెట్టి ఇస్తాను.

కంటికి అంతా సరిగ్గా కనిపించినా తప్పంటే అది టైపింగ్ సమస్య కాదు. యూజర్‌నేమ్ ఒకసారి చూసుకుని, ఇంకో ప్రయత్నం ఖర్చు చేయకుండా పాస్‌వర్డ్ రీసెట్‌కి వెళ్లండి. పాస్‌వర్డ్ మార్చాక కూడా అకౌంట్ దానంతటదే లాక్ అవుతుంటే ఫోన్‌లోని మెయిల్ యాప్‌నీ, ఆఫీసు వైఫైనీ చూడండి. వాటిలో పాత పాస్‌వర్డ్ ఉండిపోతే, మీరు ఏమీ కొట్టకపోయినా అవే తప్పు ప్రయత్నాలు పంపుతూ ఉంటాయి.