‘బు’ను వెనక్కి లాగకండి

సందేహం: నమస్కారమండీ. మా బడి పిల్లల కోసం పద్యాల పుస్తకం టైప్ చేస్తున్నాను. ‘ఎవ్వనిచే జనించు’ పద్యంలో రెండో పాదం ‘కారణం’ దగ్గర తెగిపోతోంది. ‘కారణంబు’ అని పూర్తి చేసి కింది పాదం ‘ఎవ్వఁడు’తో మొదలుపెట్టవచ్చా? పద్యాన్ని మధ్యకు సర్దాలా? సంఖ్య ఎక్కడ వేయాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, చిత్తూరు

సమాధానం: వద్దమ్మా. పోతన పాదం అక్కడ తెగలేదు, నిండింది. పద్యాన్ని ఇలా పెట్టండి:

ఉ. ఎవ్వనిచే జనించు, జగ మెవ్వనిలోపల నుండు లీనమై,
యెవ్వనియందు డిందుఁ, బరమేశ్వరుఁ డెవ్వఁడు, మూలకారణం
బెవ్వఁ, డనాదిమధ్యలయుఁ డెవ్వఁడు, సర్వముఁ దానయైన వాఁ
డెవ్వఁడు, వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేడెదన్.

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. ‘మూలకారణం’తో 20 సరిపోతాయి. ‘బు’ను పైకి తెస్తే 21 అవుతాయి. పాడే పిల్లవాడికి అక్కడ కాలు తడబడినట్టు ఉంటుంది. గజేంద్రుడి మొర ఒక్క ఊపిరిలో సాగాలని పోతన మాటను పాదం అంచు మీదుగా దాటించాడు. ‘కారణం’ దగ్గర ఆగలేం, ‘బెవ్వఁ’ మీదికి వెళ్లి తీరాలి. ‘వాఁ డెవ్వఁడు’ దగ్గరా అంతే. అక్కడ హైఫన్ పెట్టడం కూడా అనవసరం.

ఇప్పుడు అర్థం తేలిక కావాలని ‘జగము ఎవ్వని’ అంటూ సంధి విడదీసి అచ్చు వేస్తున్నారు. ఇది నాకు బొత్తిగా నచ్చదు. ఈ పద్యంలో పదో అక్షరం యతిస్థానం. మొదటి పాదంలో ‘మె’ అక్కడ ఉంది. అందులోని ‘ఎ’కు పాదం మొదటి ‘ఎ’తో మైత్రి. సంధి విడదీస్తే ‘ఎ’ పదకొండో చోటికి జరిగి యతి చెడుతుంది. కాబట్టి ప్రూఫు చూసేటప్పుడు ప్రతి పాదంలోనూ 20 లెక్కపెట్టి పదో అక్షరం చూడండి. వత్తు, సున్న, పొల్లు వేరే అక్షరాలు కావు. విడదీసిన రూపం కావాలంటే కింద ప్రతిపదార్థంలో ఇవ్వండి.

‘జగ మెవ్వని’ మధ్య ఖాళీ వదలాలా, కలిపి వేయాలా అన్నది కొంత అభిరుచి. ఖాళీ ఉంటే యతి కనబడుతుంది, కానీ ‘మెవ్వని’ అనే మాట ఒకటుందని పిల్లలు అనుకునే ప్రమాదమూ ఉంది. పాడించడానికైతే నేను ఖాళీకే మొగ్గుతాను. ఏదైనా పుస్తకమంతా ఒకే తీరు పాటించండి.

మధ్యకు సర్దడం శుభలేఖలకు బాగుంటుంది, పద్యానికి కాదు. రెండో అక్షరం ‘వ్వ’ నాలుగు పాదాల్లోనూ ఒకదాని కింద ఒకటి కనబడితేనే ప్రాస కంటికి అందుతుంది. అందుకని ఎడమకు సర్ది, ‘ఉ.’ను అంచున నిలిపి, నాలుగు పాదాలనూ దాని తర్వాత ఒకే గీతలో మొదలుపెట్టండి. ఇందుకు స్పేస్ బార్ నొక్కుతూ పోవద్దు, ఫాంట్ మారితే వరుస చెదురుతుంది. `Tab`, హ్యాంగింగ్ ఇండెంట్ వాడి, పాదం చివర `Shift+Enter` నొక్కండి. రెండు అంచులూ కలిపే జస్టిఫై వద్దు, మాటల మధ్య లేని విరామాలు పుడతాయి. పేజీ చాలకపోతే పాదాన్ని యతి దగ్గర విరిచి, మిగిలిన ముక్కను ఇంకాస్త లోపలికి జరపండి. సీసానికి ఎలాగూ అలాగే చేస్తాం.

సంఖ్య నాలుగో పాదం చివర, కుడి అంచున వేయండి. ‘ఉ.’ పక్కన వేస్తే మొదటి పాదం లోపలికి జరిగి ప్రాస వరుస తప్పుతుంది.