బిర్యానీ పక్కన పెట్టే ఉల్లిగడ్డ గురించి

హన్మకొండ

కొత్తగా మన కిచెన్‌లో చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

రేపు పొద్దున లోపలికి రాగానే సింకు పక్కన స్టాండులో నిలబెట్టిన రంగురంగుల కటింగ్ బోర్డులు కనిపిస్తాయి. ఒక్కో బోర్డుకు అదే రంగు పిడి ఉన్న కత్తి ఉంటుంది. ఎర్రది పచ్చి మాంసానికి, అది చికెనైనా మటనైనా. ఆకుపచ్చది కూరగాయలకు, పండ్లకు. గోధుమ రంగుది వండిన వాటికి. నీలం రంగుది పచ్చి చేపలకు, రొయ్యలకు. ఇవి గుర్తుపెట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆదివారం మధ్యాహ్నం ఆర్డర్ల మీద ఆర్డర్లు పడుతుంటే, చేతిలో ఉన్నది ఏ బోర్డు మీదికి పోవాలో తేల్చుకోవడమే కష్టం. ఆ కష్టం కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పన్నెండేళ్ల కింద నేను వేరేచోట పనిచేసేవాణ్ణి. అక్కడ రంగుల బోర్డులు లేవు, ఒకటే పెద్ద చెక్క మొద్దు ఉండేది. ఒక ఆదివారం ఒక ఇంటి ఫంక్షన్‌కు అరవై మంది భోజనాల ఆర్డర్ వచ్చింది. హెల్పర్ పొద్దుటి నుంచి ఆ మొద్దు మీద చికెన్ కొడుతూనే ఉన్నాడు. ఒంటిగంటకు బిర్యానీ పక్కన పెట్టే ఉల్లిగడ్డ అయిపోయింది. ఆ పిల్లవాడు మొద్దు మీద చెంబెడు నీళ్లు పోసి, భుజం మీది బట్టతో తుడిచి, అదే కత్తితో రెండు కిలోల ఉల్లిగడ్డ, ఇరవై నిమ్మకాయలు కోసి పంపించాడు. నేను పక్కనే ఉన్నాను. చూశాను, ఏమీ అనలేదు. మొద్దు శుభ్రంగానే కనిపించింది.

సోమవారం సాయంత్రం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. మంగళవారానికి పదకొండు మంది అయ్యారు. ఆ ఇంటి నానమ్మను, ఐదేళ్ల పాపను ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. అందరూ బిర్యానీ పాడైందనే అనుకున్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే అదే హండీ లోంచి తిన్న మిగతావాళ్లకు ఏమీ కాలేదు. ఎవరెవరు ఏం తిన్నారో కూర్చుని అడిగాం. పాప తప్ప పడిపోయినవాళ్లంతా పచ్చి ఉల్లిగడ్డ తిన్నవాళ్లే. పాప బిర్యానీ ముట్టలేదు, పెరుగన్నమే తిన్నది. కానీ చేతిలో నిమ్మచెక్క పట్టుకుని చీకుతూ ఉండింది. ల్యాబులో పరీక్ష చేయించి తేల్చిన సంగతి కాదిది. మాకు మేమే అడిగి లెక్క కట్టుకున్నది. అయినా నాకు ఆ రోజు నుంచి అనుమానం లేదు.

కారణం ఇది. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే క్రిములు ఉండొచ్చు. వాటికి వాసన ఉండదు, రంగు ఉండదు. అప్పుడే కోసి తెచ్చిన తాజా చికెన్‌లోనూ ఉండొచ్చు. ముక్క లోపలి దాకా 75 డిగ్రీల వేడి తగిలితే అవి చస్తాయి. దమ్ మీద ఉడికిన బిర్యానీలో ముక్కకు ఆ వేడి తగులుతుంది. ఉల్లిగడ్డ సంగతి అట్లా కాదు. బోర్డు మీద నుంచి ప్లేటులోకి, ప్లేటులోంచి నోట్లోకి పోతుంది. మధ్యలో పొయ్యి లేదు. కోసేటప్పుడు అంటుకున్నది అంటుకున్నట్టే తినేవాడి కడుపులోకి పోతుంది.

అందుకని కత్తి చేతిలోకి తీసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనికి తర్వాత పొయ్యి ఉందా? కీరా, ఉల్లిగడ్డ, నిమ్మకాయ, మీద చల్లే కొత్తిమీర, వీటికి పొయ్యి లేదు. తందూరీ చికెన్ బట్టీలోంచి బయటికి వచ్చాక దానికీ ఇక పొయ్యి లేదు. పొయ్యి లేనిది దేనికీ పచ్చి మాంసం తగిలిన బోర్డు, కత్తి, చెయ్యి తగలొద్దు.

ఇప్పుడు అందరూ తడబడే చోటుకు వస్తాను. మన దగ్గర చికెన్ 65, తందూరీ ముక్కలు పొద్దున్నే మసాలా పట్టించి పెడతాం. పెరుగు, నిమ్మరసం, కారం పట్టిన ముక్క ఎర్రగా నిగనిగలాడుతుంది, వండినట్టే కనిపిస్తుంది. అది పచ్చిదే. నిమ్మరసం, కారం ఆ క్రిములను చంపవు. సాయంత్రం రద్దీ కోసం కొన్ని ముక్కలు హాఫ్ ఫ్రై చేసి కూడా పెడతాం. పైన పొర గట్టిపడి రంగు వస్తుంది, ఎముక దగ్గర మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది. హాఫ్ ఫ్రై కూడా ఎర్ర బోర్డుదే. దాన్ని పట్టుకున్న పటకారు కూడా ఎర్ర పిడి పటకారే. రెండోసారి నూనెలో వేగి, మాస్టర్ థర్మామీటర్ గుచ్చి సరే అన్నాకే అది గోధుమ రంగు బోర్డు మీదికి వస్తుంది. పచ్చి ముక్కను నూనెలో వేసిన పటకారుతో వేగిన ముక్కను తీస్తే, బోర్డులు ఎంత సరిగ్గా వాడినా లాభం లేదు.

ఇంకొకటి, మాట సంగతి. మన భాషలో పచ్చి వేరు, పచ్చ వేరు. మంటల మోత, గిన్నెల చప్పుడు మధ్య "పచ్చ బోర్డు తే" అంటే "పచ్చి దాని బోర్డు" అని వినిపిస్తుంది. పైగా కొందరు పచ్చ అంటే ఆకుపచ్చ అనుకుంటారు, మన పెద్దవాళ్లు కొందరు పసుపు రంగును కూడా పచ్చ అనే అంటారు. అందుకే మన కిచెన్‌లో పచ్చ అనే మాటే వాడం. "ఆకు బోర్డు", "ఎర్ర బోర్డు", "గోధుమ బోర్డు" అని పిలుస్తాం. మీరూ అట్లనే పిలవండి.

పసుపు బోర్డు మన దగ్గర లేకపోవడానికీ కారణం ఉంది. రంగుల లెక్క అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికా పద్ధతి పాటించేచోట పసుపు పచ్చి చికెన్‌కు వాడతారు. బ్రిటన్ పద్ధతిలో పసుపు వండిన మాంసానికి. గోధుమ రంగు కూడా అంతే, బ్రిటన్ లెక్కలో అది మట్టి అంటిన దుంపలకు, కూరగాయలకు. మన దగ్గర వండిన వాటికి. వేరే హోటల్లో చేసి వచ్చినవాళ్లు అక్కడి అలవాటు ఇక్కడికి తేవొద్దు. మళ్లీ ఎప్పుడైనా కాజీపేటకో, హైదరాబాద్‌కో పనికి పోతే ఇక్కడి అలవాటు అక్కడికి తీసుకుపోవద్దు. మొదటి రోజు గోడ మీది పట్టిక చూడండి. పట్టిక లేకపోతే మాస్టర్‌ను అడిగిన తర్వాతే కత్తి పట్టండి.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పండి. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు మీకు వేరువేరుగా కనిపించకపోతే నాకు చెప్పండి. కొందరి కళ్లు పుట్టుక నుంచే ఆ రంగులను విడదీయలేవు, మగవాళ్లలో ఇది ఎక్కువ. నా దగ్గర ఒక అబ్బాయి పదేపదే తప్పు బోర్డు తీసేవాడు. నిర్లక్ష్యం అనుకుని నలుగురిలో తిట్టాను. తర్వాత ఒకరోజు టమాటా పండిందో లేదో చూసి చెప్పలేక చేత్తో నొక్కి చూస్తుంటే నాకు అర్థమైంది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి మన బోర్డుల అంచున గుర్తులు చెక్కించాను. మాంసం బోర్డుకు కోడి బొమ్మ, కూరగాయల బోర్డుకు ఆకు, వండిన దానికి గిన్నె, చేపల దానికి చేప. కత్తి పిడుల మీద కూడా అవే.

కడగడం గురించి. బోర్డుకు అంటినది ముందు గీకి చెత్తబుట్టలో వేయండి. తర్వాత వేడినీళ్లు, డిష్‌వాష్ లిక్విడ్ వేసి బ్రష్‌తో రుద్దండి. నురగ పోయేదాకా కడగండి. ఆ తర్వాతే బ్లీచ్ నీళ్లు. మన దగ్గరున్న బ్లీచ్ 5 శాతంది, పది లీటర్ల నీళ్లకు 20 మిల్లీలీటర్లు, కొలత మూతతో కొలవాలి, అందాజాగా పోయొద్దు. రెండు నిమిషాలు ఉంచి, స్టాండులో నిలబెట్టి గాలికి ఆరనివ్వాలి. బట్టతో తుడిస్తే బట్టకున్నది మళ్లీ బోర్డుకు అంటుతుంది. జిడ్డు, నెత్తురు ఉండగానే బ్లీచ్ పోస్తే దాని బలమంతా జిడ్డుతోనే అయిపోతుంది, క్రిముల దాకా పోదు. ఆ నీళ్లు ప్రతి షిఫ్టుకు కొత్తగా కలపండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ దగ్గరికి బ్లీచ్ తీసుకుపోవద్దు. రెండూ కలిస్తే ఊపిరి ఆడనివ్వని విషవాయువు పుడుతుంది.

కత్తికి అలుగు, పిడి కలిసే సందు చూడండి. మాంసం తునకలు అక్కడే దాక్కుంటాయి. కత్తి సాన పట్టే ఉక్కు కడ్డీని చాలామంది మరిచిపోతారు. ఎర్ర కత్తిని ఆ కడ్డీ మీద రాసి, వెంటనే ఆకు కత్తిని రాస్తే ఒకదాని మీదిది ఇంకొకదానికి పోయినట్టే. అందుకే మన దగ్గర ఎర్ర కత్తులకు కడ్డీ వేరు. కత్తిని కడిగి ఆరబెట్టాకే సాన పట్టండి, పట్టాక మళ్లీ కడగండి. బోర్డు కదలకుండా కింద పరిచే తడిబట్ట కూడా ఆ బోర్డుదే, పక్క బోర్డు కిందికి పోవద్దు. గ్లౌజులు వేసుకున్నాం కదా అని ధైర్యంగా ఉండొద్దు. చికెన్ ముట్టిన గ్లౌజు చికెన్ ముట్టిన చెయ్యితో సమానం. తీసి పారేసి, సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడిగి కొత్తవి వేసుకోవాలి.

బోర్డు మీద కత్తిగాట్లు ఎంత లోతుగా ఉన్నాయో వారానికోసారి గోరుతో గీసి చూడండి. గోరు చిక్కుకుంటే బ్రష్ కూడా ఆ గాటు అడుగుదాకా పోవడం లేదని అర్థం. నాకు ఇవ్వండి, మారుస్తాను. దానికి ఎవరూ ఏమీ అనరు.

ఆదివారం మీ పని వరుస ఇట్లా ఉంటుంది. పొద్దున ఎనిమిదికి మొదట ఆకు బోర్డు తీయండి. సాయంత్రం దాకా సరిపోయే ఉల్లిగడ్డ ఒకేసారి కోయకండి, మధ్యాహ్నానికి సరిపడా కోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పై అరలో పెట్టండి. పది తర్వాతే ఎర్ర బోర్డు తీయండి, అది కూడా సింకు అవతలి బల్ల మీద. కోసిన చికెన్ ఫ్రిజ్‌లో కింది అరలోనే, కారినా దాని కింద ఇంకేమీ ఉండకూడదు. ఒంటిగంటకు ఉల్లిగడ్డ అయిపోతుంది, ప్రతి ఆదివారం అయిపోతుంది. అప్పుడు చికెన్ దగ్గరున్నవాళ్లు లేవొద్దు. "ఉల్లిగడ్డ" అని గట్టిగా అరవండి. ఆకు బోర్డు దగ్గరున్నవాళ్లు కోస్తారు. వాళ్లు కూడా ఖాళీగా లేకపోతే నన్ను పిలవండి, నేను వచ్చి కోస్తాను. కస్టమర్ ఐదు నిమిషాలు ఆగుతాడు, ఆయనతో నేను మాట్లాడుకుంటాను.

మీ మాస్టర్